తేదీలన్నీ కరెక్టే, వాదన మాత్రం లేదు: పదికి ఎన్ని వేయాలి?

డిగ్రీ చరిత్ర పేపర్‌లో పది మార్కుల ప్రశ్న: “కాకతీయ రాజ్య పతనానికి ఢిల్లీ దాడులే ప్రధాన కారణమా? చర్చించండి.” హనుమకొండలోనో వరంగల్‌లోనో చదివే పిల్లలకు ఇది కొట్టిన పిండి. ఖిలా వరంగల్ మట్టికోట, రాతికోట చూడని వాళ్లు తక్కువ. అందుకే ఈ ప్రశ్నకు వచ్చే జవాబుల్లో ఒక రకం మరీ ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ జవాబు ఇలా నడుస్తుంది. 1303లో అల్లావుద్దీన్ ఖిల్జీ పంపిన సైన్యం ఉప్పరపల్లి దగ్గర ఓడింది. 1309–10లో మాలిక్ కాఫుర్ ఓరుగల్లును ముట్టడించాడు, ప్రతాపరుద్రుడు కప్పం ఒప్పుకున్నాడు. 1318లో ఖుస్రూ ఖాన్ వచ్చాడు. తుగ్లక్‌ల కాలంలో ఉలుగ్ ఖాన్ మొదటి దండయాత్ర విఫలమైంది, 1323లో మళ్లీ వచ్చి కోటను పట్టుకున్నాడు. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు దారిలోనే చనిపోయాడు. మధ్యలో నాయంకర విధానం మీద ఒక పేరా. చివర “ఈ విధంగా కాకతీయ రాజ్యం పతనమైంది.” ఒక్క తప్పు లేదు. కానీ ప్రశ్నలో ఉన్న “ప్రధాన కారణమా?” అన్నదానికి అవునని గానీ కాదని గానీ ఎక్కడా లేదు.

మార్కులు వేసే ముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. ప్రశ్నను చేత్తో మూసి జవాబు ఒక్కటే చదవండి. “కాకతీయులపై ఢిల్లీ సుల్తానుల దాడులను వివరించండి” అనే ప్రశ్నకు ఇదే జవాబు ఒక్క అక్షరం మార్చకుండా సరిపోతే, అందులో వాదన లేనట్టే. “అందువల్ల”, “కాబట్టి” ఉన్నాయా అని వెతికితే మోసపోతాం. “అందువల్ల 1318లో ఖుస్రూ ఖాన్ వచ్చాడు” అని రాసిన చోట ఆ మాట తర్వాతి సంఘటనకు దారి చూపిస్తోందే తప్ప కారణం చెప్పట్లేదు.

దీన్ని దిద్దడానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది పాయింట్ల పద్ధతి: కీలో తొమ్మిది పాయింట్లు, ముగింపుకు ఒక మార్కు. ఈ జవాబుకు ఒక పాయింట్ తగ్గిందనుకున్నా తొమ్మిది వస్తాయి. వేగంగా దిద్దొచ్చు, ఇద్దరు దిద్దినా తేడా రాదు, రీవాల్యుయేషన్‌కు పోయినా మార్కులు కదలవు. స్పాట్‌లో కట్టల కొద్దీ పేపర్లు ముందు పెట్టుకున్నవాళ్లు దీన్ని వదలరంటే ఆశ్చర్యం లేదు. దీని లోపం బయటపడేది పక్క పేపర్ తీసినప్పుడు.

పక్క పేపర్‌లో పిల్ల మొదటి వాక్యంలోనే తేల్చింది: దాడులు కావు, ఢిల్లీ ఉద్దేశం మారడమే ప్రధాన కారణం అని. ఖిల్జీలకు కప్పం చాలు, అందుకే 1310 తర్వాత కూడా ప్రతాపరుద్రుడు గద్దె మీదే ఉన్నాడు; తుగ్లక్‌లు రాజ్యాన్నే కలుపుకోవాలనుకున్నారు, అందుకే 1323 తర్వాత రాజ్యం మిగల్లేదు అని రాసింది. అయితే 1303ను 1305 అని రాసింది, ఖుస్రూ ఖాన్‌ను మరిచింది, కోట గురించి ఏమీ రాయలేదు. పాయింట్ల పద్ధతిలో ఆమెకు ఐదు. ప్రశ్నకు జవాబు చెప్పిన పిల్లకు ఐదు, చెప్పని పిల్లాడికి తొమ్మిది!

రెండోది పరిమితి పద్ధతి: కథనం మాత్రమే ఉంటే ఎంత బాగా రాసినా ఐదు దాటనివ్వరు. మొదటి పేపర్‌కు ఐదు. ఇది సూటిగా ఉంటుంది, కానీ గీతకు రెండు వైపులా చిక్కుంది. చివర్లో “కావున దాడులే ప్రధాన కారణం” అని ఒక్క ముక్క అతికించినవాడు గీత దాటేశాడా లేదా? ఒకరు దాటాడంటారు, ఇంకొకరు లేదంటారు, రెండు మూడు మార్కులు అక్కడే ఊగుతాయి.

మూడోది విడదీసే పద్ధతి. మేం మొగ్గేది దీనికే. వాస్తవాలకు 4, వాదనకు 6. ఆ ఆరును మళ్లీ విడదీయాలి: స్పష్టమైన నిర్ణయానికి 2, ఆధారాన్ని ఆ నిర్ణయానికి ముడిపెట్టినందుకు 3, ఎదుటి కారణాన్ని తూచినందుకు 1. “భాష, అమరిక” అని వేరే గడి పెట్టొద్దు. అక్షరం బాగుండి తేదీల వరుస కుదిరినవాడికి ఆ గడిలో రెండు పడి, వాదన లేని జవాబు దొంగదారిన ఏడుకు చేరుతుంది.

మొదటి పేపర్‌కు వాస్తవాలకు 4కు 4, నిర్ణయానికి సున్నా. ముడిపెట్టడానికి ఒకటి ఇవ్వాలి, ఎందుకంటే “నాయకులకు సొంత సైన్యం, భూములు ఉండటంతో రాజు వారి మీదే ఆధారపడ్డాడు” అని నాయంకర పేరాలో ఒక వాక్యం ఉంది. అది కారణం వైపు వేసిన అడుగే, కానీ పతనం దాకా పోకుండా ఆగింది. ఎదుటి కారణానికి సున్నా. మొత్తం 5. రెండో పేపర్‌కు వాస్తవాలకు 2, నిర్ణయానికి 2, ముడికి 2, ఎదుటి కారణానికి సున్నా. మొత్తం 6. మొదటి పేపర్‌కు పరిమితి పద్ధతి కూడా ఐదే ఇచ్చింది కదా అనొచ్చు. తేడా ఏమిటంటే, ఇక్కడ పోయిన ఐదు ఏ గడిలో ఎంత పోయాయో చూపించగలం.

అందుకే మార్జిన్‌లో “వాదన లేదు” అని రాసి ఊరుకోకూడదు. ఇలా రాయొచ్చు: “సంఘటనలు, తేదీలు అన్నీ సరైనవి, 4/4. ప్రధాన కారణమా కాదా అన్నది ఎక్కడా తేల్చలేదు, 0/2. నాయంకర పేరాలో రాజు నాయకుల మీద ఆధారపడ్డాడని అన్నావు. 1323లో దాని ప్రభావం ఏమిటో రాయలేదు, 1/3. వేరే కారణంతో పోల్చలేదు, 0/1.” “ఒక్క తేదీ అన్న తప్పున్నదా సార్?” అని పిల్లాడు పేపర్ పట్టుకొని వస్తే, లేదనే చెప్పాలి, దానికి నాలుగుకు నాలుగు వేసిన గడి చూపించాలి. ఆ తర్వాత అతని తేదీలనే తీసుకొని ఒక ప్రశ్న వేయాలి: 1303, 1310, 1318 దాడుల తర్వాత నిలిచిన రాజ్యం 1323లోనే ఎందుకు కూలింది? దానికి అతను చెప్పే జవాబే పేపర్‌లో లేని ఆ మార్కులు.

ఈ పద్ధతి చెల్లని సందర్భం ఒకటుంది. మన పేపర్లలో “చర్చించండి”, “వివరించండి”, “తెలపండి” అన్నవి చాలాసార్లు ఒకే అర్థంలో పడిపోతుంటాయి. ప్రశ్న “కాకతీయుల పతనాన్ని చర్చించండి” అని మాత్రమే ఉంటే, వాదన అడిగినట్టు పిల్లలకు తెలియదు. అక్కడ ఆరు మార్కులు వాదనకు పెట్టడం అన్యాయం. “ప్రధాన కారణమా” లాంటి ప్రశ్నార్థకం పేపర్‌లో ఉండాలి, 4–6 విభజన పేపర్ సెట్ చేసిన రోజే కీలో రాసి ఉండాలి. ఇంటర్నల్స్‌లో ఈ విభజనను క్లాసులో ముందే చెప్పొచ్చు. దిద్దడం మొదలయ్యాక పుట్టిన గడులు రీవాల్యుయేషన్‌లో నిలబడవు. అలాంటి పేపర్ చేతికొస్తే పాయింట్ల పద్ధతిలోనే దిద్ది, మొదటి పిల్లాడికి తొమ్మిది వేసేయడమే సరి.