చెయ్యి చాపితే ఏమివ్వాలి: డబ్బా, తిండా, ఫోన్ కాలా?

డబ్బులిస్తే తాగేస్తారు, తిండి పెడితే పుణ్యం అని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. నేనైతే ఏమివ్వాలన్నది తర్వాత చూస్తాను, అడుగుతున్నది ఎవరన్నది ముందు.

గుడి మెట్ల దగ్గర కూర్చున్న ముసలావిడ సంగతి తీసుకోండి. గురువారం సాయిబాబా గుడి ముందు ఆమెకు పులిహోర, దద్దోజనం, అరటిపళ్లు వరసగా వస్తూనే ఉంటాయి. సాయంత్రానికి సగం పాడైపోతాయి. ఆమెకు లేనివి బీపీ మాత్రలు, ఆటోకి చిల్లర, డబ్బులిచ్చి వెళ్లాల్సిన బాత్రూమ్. ఇవేవీ పులిహోరతో తీరవు. ఆంధ్రాలో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. కానీ ఆధార్, రేషన్ కార్డు, అడ్రసు లేకపోతే అది ఆమె దాకా రాదు. అందుకే ఇక్కడ పది రూపాయలు చేతిలో పెట్టడమే మేలంటాను. దాంతో ఏం కొనుక్కుంటుందన్నది ఆమె ఇష్టం. మన జీతం ఎలా ఖర్చు పెట్టామని మనల్ని ఎవరూ అడగరు కదా!

సిగ్నల్ దగ్గర కారు అద్దం తుడిచే ఏడేళ్ల పిల్లాడి లెక్క వేరు. వాడి చేతిలో పెట్టిన నోటు చాలాసార్లు ఫుట్‌పాత్ మీద కూర్చున్న పెద్దవాళ్లకు చేరుతుంది. రోజూ డబ్బులొచ్చే పిల్లాడిని బడికి ఎవరు పంపుతారు? బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చినా వాడు రేపు అక్కడే ఉంటాడు. పిల్లలతో అడుక్కు తినిపిస్తే బాల న్యాయ చట్టం కింద ఐదేళ్ల వరకు జైలు, లక్ష జరిమానా ఉన్నాయి. కాబట్టి ఇక్కడ డబ్బు వద్దు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. సిగ్నల్ పేరు, పిల్లాడి వయసు, వేసుకున్న బట్టల రంగు, పక్కనున్నది ఎవరో చెప్పండి. చంకలో పసిబిడ్డ ఉండి, మిట్టమధ్యాహ్నం అన్ని హారన్ల మధ్యా కదలకుండా నిద్రపోతుంటే ఆ మాట ముందు చెప్పండి.

ఫోన్‌తో అంతా అయిపోదు. పిల్లాడిని తీసుకెళ్తే 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. అక్కడికి తల్లిదండ్రులు వచ్చి విడిపించుకుని పోతే నెల తిరక్కుండానే అదే సిగ్నల్‌లో కనిపించొచ్చు. అయినా పేరు రికార్డులోకి ఎక్కుతుంది, రెండోసారి దొరికితే అడిగే ప్రశ్నలు మారతాయి.

ఇచ్చేవాళ్లనే ఆపేస్తే పోలేదా అంటారా? మధ్యప్రదేశ్‌లోని ఇండోర్‌లో 2025 జనవరి 1 నుంచి భిక్ష వేసినా కేసేనన్నారు. హైదరాబాద్‌లో 2017 నవంబర్‌లో ఇవాంకా ట్రంప్ వచ్చే ముందు రోడ్ల మీద అడుక్కోవడాన్ని రెండు నెలలు నిషేధించి, దొరికినవాళ్లను జైలు ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. అతిథులు వెళ్లిపోయారు, సిగ్నళ్ల దగ్గర చేతులు మళ్లీ కనిపించాయి. 2021లో రోడ్ల మీద అడుక్కోవడాన్ని ఆపాలని కోరుతూ వచ్చిన పిటిషన్‌ మీద సుప్రీంకోర్టు, ఎవరూ ఇష్టపడి అడుక్కోరంటూ నిషేధానికి ఒప్పుకోలేదు. ముసలావిడ విషయంలో నాదీ అదే మాట. పిల్లాడి విషయంలో మాత్రం, వాడు ఎంత జాలిగా చూసినా అద్దం దించను, ఫోన్ తీస్తాను.