పుత్రజయలో మూడు రోజులు: రాజధాని ఎంతవరకు కదిలింది?

మలేషియా వెళ్ళే తెలుగువాళ్ళలో చాలామంది ఆ దేశపు కొత్త పరిపాలనా నగరమైన పుత్రజయను మూడు గంటల్లో చూసేస్తారు. కౌలాలంపూర్ నుంచి విమానాశ్రయానికి వెళ్ళే దారిలో బస్సు ఆగుతుంది, గులాబీ రంగు మసీదు ముందు ఫోటోలు దిగుతారు, మళ్ళీ బస్సెక్కుతారు. నేను మూడు రోజులు ఉన్నాను. ఒక దేశం తన రాజధానిని కొత్త ఊరికి మార్చాలనుకుంటే పని ఎక్కడ మొదలవుతుందో, ఏది కదులుతుందో, ఏది కదలనని మొండికేస్తుందో చూడాలన్నది నా కోరిక. అమరావతి గురించి పదేళ్ళుగా వింటున్న మనకు ఈ ప్రశ్నలు కొత్తవి కావు.

ముందుగా ప్రయాణం సంగతి. కౌలాలంపూర్ సెంట్రల్ స్టేషన్ నుంచి విమానాశ్రయం రైలు ఎక్కితే ఇరవై నిమిషాల్లో పుత్రజయ. 2023 మార్చి నుంచి మెట్రో కూడా అక్కడిదాకా నడుస్తోంది. టికెట్ చవక, కాని నగరం నడిబొడ్డు నుంచి ముప్పావు గంట పైనే పడుతుంది. నేను వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు మెట్రో ఎక్కాను. రెండూ శుభ్రంగా, సమయానికి నడిచాయి. చిక్కు స్టేషన్‌లో దిగాక మొదలవుతుంది. స్టేషన్ ఊరికి పడమటి అంచున ఉంది. మంత్రిత్వ శాఖలు, మసీదు, సరస్సు అక్కడి నుంచి కిలోమీటర్ల దూరం. సిటీ బస్సు ఉంది కాని ఎండలో చాలాసేపు నిలబడాలి. చివరికి ఫోనులో కారు పిలిపించుకున్నాను. మూడు రోజులూ అదే చేయవలసి వచ్చింది.

మొదటి రోజు నేను చేసిన పొరపాటు, నడుస్తాననుకోవడం. ఊరి మధ్య వెన్నెముకలా సాగే పెర్సియారన్ పెర్దానా రహదారి 4.2 కిలోమీటర్ల పొడవు. ఒక కొసన గుట్ట మీద ఆకుపచ్చ గుమ్మటంతో ప్రధానమంత్రి కార్యాలయం, రెండో కొసన అంతర్జాతీయ సమావేశ మందిరం, మధ్యలో వరుసగా మంత్రిత్వ శాఖలు, సుప్రీంకోర్టు స్థాయి న్యాయస్థానం ఉండే న్యాయ ప్రాసాదం. పటంలో ఎంతో అందంగా కనిపిస్తుంది. కాలినడకన వెళ్తే మాత్రం పదకొండు గంటలకే నెత్తి మాడుతుంది. భవనాలను దూరం నుంచి చూసి మెచ్చుకోవడానికి వేసిన దారి ఇది. ఒక భవనం నుంచి మరొకదానికి నడిచే మనిషి దీన్ని గీసినవాళ్ళ ఆలోచనలో ఉన్నట్టు లేడు. ఇంత శ్రద్ధగా కట్టిన ఊళ్ళో ఈ లోపం నన్ను నిజంగా బాధపెట్టింది.

సరస్సు మాత్రం మనసు నింపింది. అది సహజమైన సరస్సు కాదు. రెండు చిన్న ఏర్లకు ఆనకట్ట వేసి తయారు చేసుకున్నది. ఆ ఏర్లు పైన ఉన్న తోటల నుంచి, ఊళ్ళ నుంచి ఎరువుల నీరు, మట్టి మోసుకొస్తాయి. అదంతా తిన్నగా సరస్సులో చేరితే కొన్నేళ్ళలో పచ్చటి నాచు కుంట మిగిలేది. అందుకని ఎగువన 24 మడులుగా చిత్తడి నేలలు తయారు చేశారు. నీరు ఒక మడి నుంచి మరో మడిలోకి నెమ్మదిగా దిగుతుంది, మట్టి అడుక్కి పేరుకుంటుంది, రెల్లు, జమ్ము జాతి మొక్కల వేళ్ళు ఎరువు అంశాన్ని పీల్చుకుంటాయి. ఈ పని 1998కి పూర్తయింది. అంటే ఫైళ్ళు రాకముందే, మంత్రులు రాకముందే నీటి సంగతి చూసుకున్నారు. పొద్దున్నే ఏడింటికి ఆ చిత్తడి నేలల పార్కులో కొంగల మధ్య నడవడం ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన గంట. పడవ షికారు కూడా చేశాను, బాగుంది. ఒకటే ఎంచుకోవాలంటే పార్కుకే వెళ్ళండి.

రెండో రోజు సాయంత్రం నా స్నేహితురాలి మామయ్యగారిని కలిశాను. మలేషియా తెలుగు కుటుంబం వారిది. తాతల కాలంలో పెరాక్ రాష్ట్రంలోని తోటల పనికి వచ్చారు. ఆయన ప్రభుత్వ గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయన తెలుగులో మన దగ్గర మరుగున పడిన మాటలు ఎన్నో ఉన్నాయి, వింటుంటే హాయిగా అనిపించింది.

"అసలు ఎందుకు మార్చారండీ?" అని అడిగాను.

"కౌలాలంపూర్‌లో మా శాఖ ఒకచోట, పై అధికారి ఇంకోచోట అమ్మా. సగం ఆఫీసులు అద్దె భవనాల్లో. ఒక కాగితం మీద సంతకం కావాలంటే ట్రాఫిక్‌లో సగం పూట పోయేది."

ప్రభుత్వం చెప్పిన కారణమూ అదే. పాత నగరంలో శాఖలను ఒకచోటికి చేర్చే స్థలం లేదు, ఉన్న స్థలం వ్యాపారానికి బంగారం. 1993లో కొత్త పరిపాలనా నగరానికి చోటు ఖాయం చేశారు. కౌలాలంపూర్‌కు దక్షిణంగా 25 కిలోమీటర్లు, అప్పుడు కట్టబోతున్న కొత్త విమానాశ్రయానికి వెళ్ళే దారిలో. ఎడారిలోనో అడవిలోనో రాజధాని కట్టిన దేశాలతో పోలిస్తే ఇది ఎంతో జాగ్రత్తగా వేసిన అడుగు. కొత్త ఊరు తడబడినా పాత ఊరు పక్కనే ఉంటుంది.

డబ్బు ఏర్పాటు ఇంకా ఆసక్తికరం. బడ్జెట్ నుంచి ఏటేటా తీసి కట్టలేదు. 1995లో పుత్రజయ హోల్డింగ్స్ అనే కంపెనీని ఏర్పాటు చేశారు. దాని వెనక ప్రభుత్వ చమురు సంస్థ పెట్రోనాస్ బలం ఉంది. కంపెనీ భవనాలు కట్టింది, ప్రభుత్వం వాటిని దీర్ఘకాలం అద్దెకు తీసుకుంది. 1997లో ఆసియా ఆర్థిక సంక్షోభం వచ్చినా పని నిలిచిపోలేదు, 1999 జూన్‌లో ప్రధానమంత్రి కార్యాలయం అక్కడికి చేరింది. ఈ పద్ధతిలో మొదట్లో భారం కనబడదు. తరువాత దశాబ్దాల పాటు అద్దె రూపంలో కడుతూనే ఉండాలి. చమురు ఆదాయం లేని దేశానికి ఇది ఇంత సులువుగా సాగదని నా అభిప్రాయం.

"అందరం ఒకేసారి వెళ్ళలేదు," అన్నారాయన. "ఒక్కో శాఖ వంతు వచ్చినప్పుడు వెళ్ళింది. మాకు క్వార్టర్ ఇచ్చారు. మా ఆవిడ ఉద్యోగం కౌలాలంపూర్‌లో, పిల్లల బడి అక్కడే. మొదటి రెండేళ్ళు నేను రోజూ వెళ్ళొచ్చాను."

రాజధాని తరలింపులో అసలు కష్టం ఈ మాటలోనే ఉంది. ఉద్యోగిని బదిలీ చేయవచ్చు, అతని భార్య ఉద్యోగాన్ని చేయలేరు. అందుకే ఇక్కడ ఆఫీసులతో పాటు క్వార్టర్లు, బళ్ళు, ఆసుపత్రి వెంట వెంటనే కట్టారు. 2020 జనాభా లెక్కల నాటికి ఊళ్ళో లక్షా తొమ్మిది వేల మంది ఉన్నారు, అందులో అత్యధికులు ప్రభుత్వోద్యోగుల కుటుంబాలే. అయినా సాయంత్రం అయిదున్నరకు కౌలాలంపూర్ వైపు వెళ్ళే రోడ్డు మీద కార్ల బారు చూస్తే ఎంతమంది ఇంకా వెళ్ళొస్తున్నారో అర్థమవుతుంది.

పైగా రాజధాని మొత్తం కదలలేదు. రాజ్యాంగం ప్రకారం మలేషియా రాజధాని నేటికీ కౌలాలంపూరే. పార్లమెంటు అక్కడే, రాజుగారి ప్రధాన ప్రాసాదం అక్కడే. రక్షణ, వాణిజ్య శాఖల వంటివి అక్కడే ఉండిపోయాయి. పుత్రజయలో రాయబార కార్యాలయాల కోసం ఒక ప్రాంతం కేటాయించారు, కాని చాలా దేశాలు పాత నగరం వదలలేదు. మన హైకమిషన్ కూడా కౌలాలంపూర్‌లోనే ఉంది. కదిలినవి కార్యనిర్వాహక శాఖ, ఉన్నత న్యాయస్థానాలు. దీన్ని వైఫల్యమని నేను అనను. అన్నింటినీ లాక్కురావాలని పట్టుబడి ఉంటే ఖర్చు, సమయం రెండూ చేయి దాటిపోయేవి.

ఇక నేల సంగతి. ఇప్పుడు మంత్రిత్వ శాఖలున్న చోట ఒకప్పుడు ప్రాంగ్ బెసార్ రబ్బరు తోట ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన బ్రిటిష్ అధికారులు 1921లో వేశారు. మలయ్ భాషలో ఆ పేరుకు అర్థం 'మహా యుద్ధం'. కేరళ రబ్బరు రైతుల నోట వినిపించే పీబీ 86, పీబీ 260 రకాల్లో 'పీబీ' ఈ తోట పేరే. అమరావతిలో వేల మంది రైతుల నుంచి సమీకరణ పద్ధతిలో భూమి తీసుకోవలసి వచ్చింది. ఇక్కడ దాదాపు 12,000 ఎకరాలు కొన్ని పెద్ద ఎస్టేట్ల చేతిలోనే ఉండేవి. ఆ నేల సెలాంగోర్ రాష్ట్రానిది, బేరసారాల తరువాత 2001 ఫిబ్రవరి 1న సమాఖ్య ప్రభుత్వ ప్రాంతమైంది.

కాగితం మీద యజమానులు కొద్దిమందే. ఆ తోటల్లో తరతరాలుగా రబ్బరు పాలు తీసినవాళ్ళు మాత్రం నాలుగు వందల కుటుంబాల దాకా ఉన్నారు, ఎక్కువమంది తమిళులు. వాళ్ళను సమీపంలోని దెంకిల్‌లో చవక ఫ్లాట్లకు తరలించారు. గోడలు బీటలు వారాయి. తమకు నేల మీద ఇళ్ళు కావాలని ఆ కుటుంబాలు రెండు దశాబ్దాలకు పైగా పోరాడవలసి వచ్చింది. మూడో రోజు మామయ్యగారు నన్ను అటు తీసుకెళ్ళారు. పుత్రజయ నుంచి కారులో కొద్ది నిమిషాల దూరం. సరస్సు పక్క పచ్చికను రోజూ నీళ్ళతో తడిపే ప్రభుత్వం, ఆ నేల వదిలినవాళ్ళ గోడలను ఇంతకాలం పట్టించుకోకపోవడం నాకు మింగుడు పడలేదు.

బస విషయం. రెండు రాత్రులు పుత్రజయలో, తరువాత ఒక రాత్రి కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉన్నాను. పుత్రజయ హోటల్ గది విశాలం, కిటికీలోంచి సరస్సు, ధర నగరం కన్నా తక్కువ. కాని శనివారం రాత్రి తొమ్మిదింటికి చుట్టుపక్కల తినడానికి ఏమీ దొరకలేదు. హోటల్ వంటగది మూసేశారు, ముందుగా చెప్పనూ లేదు. బిస్కట్లతో సరిపెట్టుకున్నాను. బ్రిక్‌ఫీల్డ్స్‌లో గది ఇరుకు, వీధి చప్పుడు, కాని అరిటాకు భోజనం, వడ, ఫిల్టర్ కాఫీ అడుగు దూరంలో. శాకాహారులైతే బస అక్కడ పెట్టుకుని పుత్రజయకు వచ్చి వెళ్ళడమే మేలు. పుత్రజయలోనే ఉండాలనుకుంటే పని దినాల్లో రండి. మధ్యాహ్నం ఉద్యోగులతో నిండిన క్యాంటీన్లలో భోజనం చవక, ఊరికి ప్రాణం కూడా అప్పుడే వస్తుంది. పుత్రా మసీదులో ప్రవేశం ఉచితం, పైన వేసుకోవడానికి అంగీ వాళ్ళే ఇస్తారు. నమాజు వేళల్లో బయటివాళ్ళను రానివ్వరు కాబట్టి సమయం చూసుకుని వెళ్ళాలి.

వెళ్ళేముందు కారు డ్రైవర్‌ను అడిగి మోనోరైలు వంతెన దగ్గర ఆపించుకున్నాను. ఊరంతా మోనోరైలు తిప్పాలని మొదట్లో అనుకున్నారు. వంతెన కట్టారు, కొంత సొరంగం తవ్వారు. 2004లో ఖర్చు చూసి ఆపేశారు. తీగలతో వేలాడే ఆ అందమైన వంతెన సరస్సు మీద అలాగే ఉంది, రెండు వైపులా దేనికీ కలవదు. మొదటి రోజు ఎండలో నేను నడిచిన ఆ రహదారికి జవాబు ఇక్కడ ఆగిపోయింది. డ్రైవర్ ఇంజన్ ఆపకుండానే ఎదురుచూస్తున్నాడు, స్టేషన్‌కు ఇంకా దూరం ఉంది.