సిగ్నల్ పోయిందా? నెట్‌వర్క్ సమస్య అనుకుని ఊరుకోకండి

చుట్టుపక్కల అందరి ఫోన్లూ బాగానే పనిచేస్తూ మీ ఒక్కరి సిమ్‌కే సిగ్నల్ పోయి, ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసినా, సిమ్ తీసి ఇంకో ఫోన్లో వేసినా రాకపోతే, ఆ రోజే కనుక్కోండి. రేపు షాపు తెరిచాక చూద్దాం అనుకోవద్దు. గుంటూరులో ఉండే మా బావగారి విషయంలో ఆ ఒక్క రోజు ఆలస్యంలోనే అంతా జరిగిపోయింది.

ఆయన రిటైరైన టీచరు. ఒక శనివారం మధ్యాహ్నం నుంచి ఏవేవో నంబర్ల నుంచి వరసగా కాల్స్. ఎత్తితే మాట్లాడరు, పెట్టేస్తారు. విసుగొచ్చి ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నారు. సాయంత్రం చూస్తే సిగ్నల్ లేదు. అక్క ఫోన్ వేరే కంపెనీది కాబట్టి అది పనిచేస్తోంది. "టవర్ ప్రాబ్లం అయ్యుంటుంది, పొద్దున్నకల్లా వస్తుందిలే" అనుకున్నారు. ఆదివారం కంపెనీ స్టోర్ మూసి ఉంది. రాత్రి ఎనిమిది దాటాక, ఇంట్లో వైఫై ఉండబట్టి ఈమెయిల్స్ రావడం మొదలైంది. మొదట నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మారిందని, తర్వాత కొత్త ఖాతా జతయిందని, ఆ తర్వాత మూడు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దయిందని. ఆ డబ్బు సేవింగ్స్ ఖాతాలోకి వచ్చీ రాగానే ముక్కలు ముక్కలుగా బయటికి పోయింది. ఎస్సెమ్మెస్ మాత్రం ఆయనకు ఒక్కటీ రాలేదు, రాదు కూడా. ఆ నంబరు అప్పటికి ఇంకొకరి ఫోన్లో ఉంది.

దొంగ ఆయన సిమ్‌ను ముట్టుకోలేదు. పోయిన సిమ్‌కు బదులు కొత్తది తీసుకునే పద్ధతి అందరికీ ఉన్నదే, దాన్నే వాడుకున్నాడు. అంతకు కొన్నాళ్ల ముందు, పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ చేయాలంటూ ఒకడు ఫోన్ చేసి ఆధార్ నంబరు, పుట్టిన తేదీ, డెబిట్ కార్డు వివరాలు తీసుకున్నాడట. ఆ వివరాల మీద తన ఫొటో ఉన్న గుర్తింపు కార్డు తయారుచేసుకుని, వేరే రాష్ట్రంలో ఒక చిన్న రిటైల్ కౌంటర్‌కు వెళ్లి ఫోన్ పోయిందని చెబితే డూప్లికేట్ సిమ్ ఇచ్చేశారు. అది యాక్టివేట్ అయిన క్షణంలో బావగారి చేతిలోని సిమ్ చచ్చిపోయింది. ఒక నంబరుకు ఒక సిమ్మే పనిచేస్తుంది కదా.

సిమ్ మార్చేముందు కంపెనీ పాత సిమ్‌కు మెసేజ్ పంపుతుంది, "ఈ మార్పు మీరు అడిగిందేనా" అని. తర్వాత వెతికితే బావగారి ఫోన్లో అదీ దొరికింది, ఆ మిస్డ్ కాల్స్ వచ్చిన సమయంలోనే. కాల్స్ చేసింది అందుకే. మనిషి చిరాకుపడి ఫోన్ చూడటం మానేస్తే ఆ మెసేజ్ కళ్లబడదు. కాబట్టి అర్థంలేని కాల్స్ వరసపెట్టి వస్తుంటే ఫోన్ ఆఫ్ చేయకండి, మెసేజ్‌లు చదవండి.

శనివారం సాయంత్రం సిమ్ చేతికొస్తే ఆదివారం రాత్రి దాకా దొంగ ఎందుకు ఆగాడు? సిమ్ మార్చిన తర్వాత 24 గంటల పాటు ఆ నంబరుకు ఎస్సెమ్మెస్‌లు రాకుండా, పోకుండా ఆపాలని టెలికాం శాఖ 2022లో ఆదేశించింది. బ్యాంకు ఓటీపీ వచ్చేది ఎస్సెమ్మెస్‌లోనే కాబట్టి ఆ గడువు తీరేదాకా వాడు ఆగాల్సిందే. అందుకే శనివారం సాయంత్రం ఎంచుకున్నాడని నా నమ్మకం. ఆ గడువు మనల్ని కాపాడటానికి పెట్టింది, కానీ మనం టవర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే వాడికే పనికొస్తుంది. పైగా కాల్స్‌కు ఆ అడ్డు లేదు. కాల్ ద్వారా కోడ్ చెప్పే వాట్సాప్ లాంటివి ఈలోపే పోవచ్చు.

మరి అది టవర్ సమస్యో, దొంగ పనో ఎలా తెలుస్తుంది? ఇంకో ఫోన్ నుంచి మీ నంబరుకు కాల్ చేయండి. మీ ఫోన్ మోగకుండా అవతల రింగ్ వినిపిస్తే, లేదా ఎవరైనా ఎత్తితే, ఇక అనుమానం అక్కర్లేదు. స్విచాఫ్ అని వస్తే మాత్రం ధైర్యపడకండి, వాడు ఆ ఫోన్ ఆపేసి ఉండొచ్చు. అదే కంపెనీ సిమ్ ఉన్న పక్కింటివాళ్ల ఫోన్ అడిగి కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి కాల్ చేసి, "నా నంబరుకు సిమ్ చివరిసారి ఎప్పుడు మారింది?" అని సూటిగా అడగండి. నెట్‌వర్క్ రావట్లేదని చెబితే కంప్లయింట్ రాసుకుని 24 గంటలు ఆగమంటారు. సిమ్ మారిందని తేలితే నంబరును వెంటనే బ్లాక్ చేయించండి.

ఇప్పుడు ఇ-సిమ్ పేరుతోనూ ఇదే నడుస్తోంది. కస్టమర్ కేర్ అని ఫోన్ చేసి, లింకు నొక్కమనో, వచ్చిన మెసేజ్‌కు ఒప్పుకోలు పంపమనో అంటారు. మీరు సరే అనగానే మీ నంబరు వాడి ఫోన్లో ఇ-సిమ్‌గా మారుతుంది. దీనికి కౌంటర్ దగ్గరికి పోయే పని కూడా లేదు.

నంబరు బ్లాక్ చేయించాక, బ్యాంకు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి కార్డు ఒక్కటే కాదు, ఖాతా నుంచి డబ్బు బయటికి పోకుండా డెబిట్ ఫ్రీజ్ చేయమనండి. నెట్ బ్యాంకింగ్, యూపీఐ కూడా ఆపించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఆ రాత్రే చెప్పాలి. డబ్బు చేరిన ఖాతాల్లో ఇంకా మిగిలింది ఉంటే నిలిపేయిస్తారు, ఆలస్యమైతే అది మరో ఖాతాకో ఏటీఎంకో పోతుంది. మా అక్క తన ఫోన్ నుంచి గంటలోపే చేయబట్టి మూడు లక్షల్లో లక్షా పది వేలు నిలిచాయి.

బ్యాంకుకు మాటతో పాటు ఈమెయిల్ కూడా పంపండి, సమయం రికార్డులో ఉంటుంది. రిజర్వ్ బ్యాంక్ 2017 నిబంధనల ప్రకారం తప్పు బ్యాంకుదీ మీదీ కాక మధ్యలో ఇంకెక్కడో జరిగితే, సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేసినవారిపై నష్టం పడకూడదు. ఫిర్యాదు చేసిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి. తప్పు కస్టమర్‌దని నిరూపించే బాధ్యత కూడా బ్యాంకుదే. అయితే కార్డు వివరాలు మీరే చెప్పారు కదా అని మెలిక పెడతారు, బావగారికీ పెట్టారు. అలా మీ నిర్లక్ష్యమని తేలినా, మీరు ఫిర్యాదు చేసిన క్షణం తర్వాత పోయిన ప్రతి రూపాయీ బ్యాంకే భరించాలి. అందుకే ఆ సమయం అంత ముఖ్యం.

టెలికాం కంపెనీని కూడా వదలకండి. డూప్లికేట్ సిమ్ ఏ కౌంటర్లో, ఏ సమయంలో, ఏ గుర్తింపు పత్రం మీద, ఎవరి ఫొటోతో ఇచ్చారో రాతపూర్వకంగా అడగండి. ఆ రికార్డులు భద్రపరచమని పోలీసు ఫిర్యాదులోనూ రాయించండి. సరిగా చూడకుండా సిమ్ ఇచ్చిన కంపెనీ మీద, ఓటీపీ ఒక్కటే నమ్మిన బ్యాంకు మీద ఐటీ చట్టం కింద పరిహారం కోరవచ్చు. ఐదు కోట్ల లోపు కేసులను రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి అడ్జుడికేటింగ్ ఆఫీసర్ హోదాలో విచారిస్తారు. ఈ దారి చాలామంది లాయర్లు కూడా ముందుగా చెప్పరు. మేము ఆ దరఖాస్తే తయారు చేస్తున్నాం.

మీ ఖాతాకు ఈమెయిల్ జతచేసి లేకపోతే ఈ వారమే చేయించండి. సిమ్ పోయాక మీకు కబురు చెప్పేది అదొక్కటే. ఆ మెయిల్ పాస్‌వర్డ్ మార్చడానికి మళ్లీ అదే ఫోన్ నంబరు ఓటీపీ చాలేలా మాత్రం ఉంచకండి.