కాటా చీటీల తేదీలు: ఒక్కొక్కటిగా ఊహించాలా, కాటా వారీగా తేల్చాలా?

మా రాయగడ వైపు పత్తి నవంబరులో మొదలై మార్చి దాకా వస్తుంది. బండి కాటా ఎక్కిన ప్రతిసారీ ఒక చీటీ వస్తుంది. అందులో చీటీ నంబరు, బండి నంబరు, తూకం, తేదీ ఉంటాయి. 2023-24 సీజన్ చీటీలన్నీ స్కాన్ చేసి పట్టికలోకి ఎక్కించే పని నాకు వచ్చింది. మొదటి విడత పట్టిక చూసి గుమస్తా మావయ్య ఒకటే మాట అడిగారు: "ఏటమ్మా ఇది? జూలైలో పత్తి ఎవరు తూచేరు?"

పట్టికలో 2024 జూలై 2 అని పడింది. చీటీ తీసి చూస్తే 02/07/2024 అని ఉంది. అది ఫిబ్రవరి 7. ఆ కాటా దగ్గరి కంప్యూటరులో విండోస్ రీజియన్ అమెరికాకు పెట్టి ఉంది, అందుకే తూకం సాఫ్ట్‌వేర్ నెలను ముందు అచ్చు వేస్తోంది. రెండో కాటా మాత్రం మనం రాసినట్టే రోజు ముందు, నెల తర్వాత వేస్తోంది. చేతిరాత చీటీలు కొన్ని ఒడియా అంకెల్లో ఉన్నాయి. వాటితో ఇబ్బంది లేదు, నేను చూసినవన్నీ రోజుతోనే మొదలయ్యాయి. పైథాన్‌లో `int("୧୨")` అని ఇచ్చినా 12 అనే వస్తుంది.

ఇలా కలిసిపోయిన తేదీలను చదవడానికి నా ముందు మూడు దారులు కనిపించాయి.

మొదటిది, ఏ తేదీకి ఆ తేదీని విడిగా ఊహించడం. చాలామంది తెలియకుండానే ఇదే చేస్తారు. పైథాన్‌లోని పాండాస్ లైబ్రరీలో 2.0కి ముందు `pd.to_datetime` చేసేది ఇదే. 01/31/2024లో 31 నెల కాలేదు కాబట్టి అది జనవరి 31. 31/01/2024 కూడా జనవరి 31. రెండూ సరిగ్గానే వచ్చాయి కదా అని నమ్మకం కలుగుతుంది. కానీ 02/01/2024 వచ్చినప్పుడు ఏ ఆధారమూ లేకుండా ఒకటి ఎంచుకుంటుంది, ఎంచుకున్నానని చెప్పదు. 2.0 నుంచి మొదటి తేదీ తీరు చూసి మిగతావన్నీ అలాగే చదవబోతుంది, కుదరకపోతే ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్‌లోనే `format="mixed"` పెట్టి చూడమనే సలహా కూడా ఉంటుంది. అది పెట్టగానే ఎర్రర్ పోతుంది, పాత ఊహ తిరిగి వస్తుంది.

రెండోది, మనది భారతదేశం కాబట్టి అన్నీ రోజుతోనే మొదలవుతాయని అనుకోవడం. నేను మొదట చేసింది ఇదే. `dayfirst=True` పెట్టాను, దానికి తోడు ఆ `mixed` కూడా. నిజంగా అన్ని కాగితాలూ ఒకే తీరువైతే ఇది చాలు. కానీ `dayfirst` అనేది కట్టుదిట్టమైన నియమం కాదు. 01/31/2024ను అది తిప్పికొట్టదు, జనవరి 31గా మార్చేస్తుంది. అంటే, "ఈ కాటా తీరు వేరు" అని చెప్పగలిగిన చీటీయే పట్టికలో మిగతావాటితో కలిసిపోతుంది. మావయ్య జూలైని పట్టుకోకపోతే నాకు తెలిసేదే కాదు.

మూడోది, తేదీని కాకుండా కాటాను తేల్చడం. ఒక యంత్రం పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా అచ్చు వేయదు. అందుకని చీటీలను ముందు కాటా వారీగా విడదీశాను. ఒక్కో కాటాలో రోజు 12 దాటిన చీటీలు మాత్రమే చూశాను. అవి తమ తీరును తామే బయటపెడతాయి. 01/31 లాంటివి మాత్రమే కనిపిస్తే నెల ముందు, 31/01 లాంటివి మాత్రమే కనిపిస్తే రోజు ముందు. తేలిన తీరును ఆ కాటా చీటీలన్నింటికీ కచ్చితంగా వర్తింపజేయాలి. కింద `a` అనేది నెల ముందు వేసే కాటా చీటీల పట్టిక:

```python
a["dt"] = pd.to_datetime(a["raw"],
    format="%m/%d/%Y", errors="coerce")
print(a[a["dt"].isna()])
```

ఇక్కడ తీరుకు సరిపడనిది ఖాళీగా మిగిలి కంటపడుతుంది. నాకు ఈ మూడో దారే మేలనిపించడానికి అసలు కారణం ఇదే. `raw` అనేది చీటీ మీద ఉన్న అక్షరాల వరస, దాన్ని ఎప్పటికీ చెరపకూడదు. దాన్ని సీఎస్‌వీగా పెట్టి ఎక్సెల్‌లో ఊరికే తెరిచినా ప్రమాదమే. రీజియన్ అమెరికాదైతే 05/02/2024 కాస్తా మే 2 అయి గడిలో కుడివైపుకు చేరుతుంది, 31/01/2024 మాత్రం వట్టి అక్షరాలుగా ఎడమవైపు ఉండిపోతుంది. ఒకే నిలువు వరసలో కుడి, ఎడమ రెండూ కనిపిస్తే సేవ్ చేయకుండా మూసేయండి. మళ్లీ తెరిచేటప్పుడు ఆ వరసను టెక్స్ట్‌గా దిగుమతి చేసుకోండి.

కాటా వారీగా తేల్చడానికీ ఒక గండం ఉంది, నాకు ఎదురైంది. మొదటి కాటాలో రెండు తీరులూ కనిపించాయి. డిసెంబరు చీటీలు 28/12/2023 అంటున్నాయి, జనవరివి 01/31/2024 అంటున్నాయి. ఫోన్ చేసి అడిగితే, మధ్యలో కంప్యూటర్ పాడై విండోస్ మళ్లీ ఎక్కించారట. అప్పుడే చీటీ నంబరు కూడా 1 నుంచి మొదలైంది. అందుకని ఆ కాటాను రెండు ముక్కలు చేసి, నంబరు మళ్లీ మొదలైన చోట గీత గీశాను. ఒకే కాటాలో రెండు తీరులు కనబడితే ముందు వెతకాల్సింది ఇలాంటి గీత కోసమే.

గీత అంచున ఉన్న చీటీలకు, కాటా పేరు చిరిగిపోయిన చీటీలకు సీజన్ సాయపడింది. 2023 నవంబరు 1 నుంచి 2024 మార్చి 31 దాకా 152 రోజులు. వీటిలో రెండు రకాలుగా చదవగలిగి, చదివితే అర్థం మారేవి 55. ఆ 55ను తిప్పి చదివితే 47 సీజన్ బయట పడతాయి. 03/12/2023ను మార్చి 12 అనుకుంటే అది పోయిన సీజన్ అవుతుంది, కాబట్టి డిసెంబరు 3. ఎటు చదివినా సీజన్‌లోనే ఉండేవి ఎనిమిదే. 2023లో నవంబరు 12, డిసెంబరు 11 ఒక జంట. 2024లో జనవరి, ఫిబ్రవరి, మార్చి మొదటి మూడు రోజుల మధ్య ఇంకో మూడు జంటలు. ఏడాది పొడవునా వచ్చే కాగితాలకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. అక్కడ ఏడాదిలో 132 రోజులు అనుమానంలోనే ఉంటాయి.

ఆ ఎనిమిదింటికి చీటీ నంబరే సాక్ష్యం. రెండో ముక్కలో 412వ చీటీ 01/31/2024, 425వది 02/01/2024, 437వది 02/02/2024. మధ్యదాన్ని జనవరి 2 అనుకుంటే, జనవరి 31న 412 ఇచ్చిన యంత్రం నెల వెనక్కి వెళ్లి 425 ఇచ్చినట్టవుతుంది. అది ఫిబ్రవరి 1. పత్తికి ఏ రోజు ధర ఆ రోజుదే, రైతుకు లెక్క కట్టేది ఈ తేదీ మీదే. కాబట్టి ఈ ఒక్క చీటీ కోసం పది నిమిషాలు పెట్టడం నాకు వృథా అనిపించలేదు.

చివరికి నంబరూ, కాటా పేరూ రెండూ లేని చీటీలు మూడు మిగిలాయి. వాటి తేదీ గడి ఖాళీగా ఉంచి, పక్కన `raw` అలాగే వదిలి, బండి నంబర్లు మావయ్యకు రాసిచ్చాను. మిల్లు గేటు పుస్తకంలో ఆ బండ్లు వచ్చిన రోజు చూసి, రెండింటికి ఆయనే తేదీ వేశారు. మూడోది ఇంకా ఖాళీగానే ఉంది.