పెద్ద వీడియోకి ట్రాన్స్‌ఫర్ లింకా, డ్రైవ్ లింకా?

క్లయింట్‌కి 40 జీబీ ఫైనల్ వీడియో పంపాలి. లింక్‌కి పాస్‌వర్డ్, గడువు తేదీ పెట్టే వీలు కొన్ని పెయిడ్ డ్రైవ్‌లలోనూ దొరుకుతుంది. ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేయొచ్చో పరిమితి పెట్టే వీలు మాత్రం ఎక్కువగా ట్రాన్స్‌ఫర్ సర్వీసుల్లోనే ఉంటుంది. లింక్ చేతులు మారుతుందన్న భయం ఉంటే నేను దాన్నే ఎంచుకుంటాను.

అయితే ఆ పరిమితిని 1 అని పెట్టకండి. సెకనుకు 50 మెగాబిట్ల నెట్‌లో 40 జీబీ దిగడానికి దాదాపు గంటా యాభై నిమిషాలు పడుతుంది. మధ్యలో నెట్ తెగితే, కొన్ని సర్వీసులు మొదలైన డౌన్‌లోడ్‌ని కూడా లెక్కలో వేసేస్తాయి. అప్పుడు క్లయింట్‌కి సగం ఫైలు, పనిచేయని లింకు మిగులుతాయి. 3 పెడితే టెన్షన్ ఉండదు. ఫైలు సైజు బైట్లలో చెబితే, పూర్తిగా దిగిందో లేదో వాళ్లే పోల్చుకుంటారు.

గడువు విషయంలో డ్రైవే మేలు. తేదీ దాటినా ఫైలు అక్కడే ఉంటుంది, తేదీ మారిస్తే చాలు. ట్రాన్స్‌ఫర్ సర్వీసులో గడువు తీరితే సాధారణంగా ఫైలే పోతుంది, మళ్లీ 40 జీబీ అప్‌లోడ్ చేయాలి. అందుకే క్లయింట్ ఆలస్యం చేసే మనిషైతే నా ఓటు డ్రైవ్‌కే.

ఏదైనా సరే, లింక్ మెయిల్‌లో పంపితే పాస్‌వర్డ్ ఫోన్‌లో చెప్పండి.