కాలితే కలబందా, పసుపా? కుడితే సున్నమా, తులసా?

చెయ్యి కాలిందంటే మన ఇళ్లలో ఒకరు పసుపు డబ్బా అందుకుంటారు, ఇంకొకరు దోసెల పిండి గిన్నె తెస్తారు. పెరట్లో కుండీ ఉంటే కలబంద మట్ట కోసుకొస్తారు. తేనెటీగ కుట్టిందంటే తాంబూలం పళ్లెంలోని సున్నం బయటికొస్తుంది. అన్నిటినీ ఇంటి వైద్యమని ఒకే గాటన కట్టేస్తాం గానీ, వీటిలో కొన్ని నిజంగా ఉపశమనం ఇస్తాయి. కొన్ని చిన్న గాయాన్ని పెద్దది చేస్తాయి. ముందు కాలిన గాయం సంగతి చూద్దాం. తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే.

గంజి వార్చేటప్పుడు మణికట్టు మీద పడిందనుకోండి. వేడినీళ్లయితే జారిపోతాయి. గంజి చిక్కన కాబట్టి చర్మానికి అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. వెంటనే కుళాయి కింద చెయ్యి పెట్టాలి, ఆ ధారలోనే గంజిని కడిగెయ్యాలి. గాజులు, ఉంగరాలు అప్పుడే తీసెయ్యాలి, వాపు వచ్చాక అవి రావు. నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. ఇక్కడే అందరికీ ఓపిక పోతుంది. రెండు నిమిషాలకు మంట తగ్గినట్టుంటుంది, చెయ్యి తీసేస్తారు. కానీ పైపొర చల్లబడినా లోపలి పొరల్లో వేడి ఇంకా ఉంటుంది, అది కణాలను దెబ్బతీస్తూనే ఉంటుంది. కాలిన మొదటి మూడు గంటల్లో ఎప్పుడు చేసినా ఈ నీటి వైద్యం పనిచేస్తుంది కాబట్టి, ఆలస్యమైందని మానెయ్యక్కర్లేదు. మన ఎండాకాలంలో ఇంకో చిక్కుంది. మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు వేడిగా వస్తాయి. అప్పుడు ఇంట్లో నీడన పట్టిపెట్టిన బకెట్టు నీళ్లు చెంబుతో పోస్తూ ఉండాలి. ఐసు ముక్క మాత్రం వద్దు. అది రక్తనాళాలను బిగించేసి, ఇప్పటికే నలిగిన చర్మాన్ని ఇంకా చంపుతుంది.

ఈ 20 నిమిషాలు అయ్యాకే ఆకులూ గుజ్జులూ. నీళ్లకు బదులుగా ఏ మొక్కా పనికిరాదు.

కలబంద, పసుపు, దోసెల పిండి, నెయ్యి పక్కపక్కన పెట్టి చూస్తే నా ఓటు కలబందకే. చర్మం ఎర్రబడి మండుతోంది, పొక్కు లేదు, ఎక్కడా చిట్లలేదు అంటే కలబంద గుజ్జు హాయినిస్తుంది, తేమను నిలబెడుతుంది. పైపైన కాలిన గాయాలు త్వరగా మానడానికి సాయపడుతుందని కొన్ని పరిశీలనలూ ఉన్నాయి. అయితే తీసే పద్ధతి తెలియాలి. బయటి వరసలో ముదిరిన మట్టను మొదట్లో కోసి, కోసిన వైపు కిందికి వచ్చేలా పావుగంట నిలబెట్టాలి. పసుపుపచ్చటి జిగురు కారిపోతుంది. తొక్క కిందే ఉండే ఆ జిగురు చాలామందికి దురద, మంట తెస్తుంది. ‘కలబంద నాకు పడలేదు’ అనేవాళ్లలో కొందరికి పడనిది నిజానికి ఇదే. తర్వాత మట్ట కడిగి, తొక్క చెక్కి, లోపలి పారదర్శకమైన గుజ్జును మళ్లీ ఓసారి కడిగి పలుచగా రాయాలి. వాడింది పోను మిగిలినది దాచకండి. సువాసన కలిపిన బజారు జెల్ కాలిన చర్మానికి మంచిది కాదు.

పసుపు మీద మనకున్న నమ్మకం తెలుసు. కానీ వంటింటి డబ్బాలో పసుపు క్రిములు లేకుండా శుద్ధి చేసినది కాదు. పొడి గాయానికి అతుక్కుపోతుంది, కడిగేటప్పుడు చర్మం లేస్తుంది. పైగా రంగు అంటుకుంటే గాయం ఎంత లోతుందో డాక్టరు చూసి చెప్పలేరు. దోసెల పిండి చల్లగా తగులుతుంది కాబట్టి హాయిగా ఉంటుంది, ఆ హాయే మోసం చేస్తుంది. పులిసిన పిండి నిండా సూక్ష్మజీవులే. నెయ్యి, వెన్న, నూనె వేడిని లోపలే బంధిస్తాయి. టూత్‌పేస్టు చల్లదనం మెంథాల్ ఇచ్చే అనుభూతి మాత్రమే.

పొక్కు వస్తే దాన్ని చిదమకూడదు. దాని పైచర్మమే శుభ్రమైన కట్టులాంటిది. ఉతికిన మెత్తటి నూలుగుడ్డ వదులుగా కప్పి ఉంచండి. పొక్కు చిట్లినా, చర్మం ఊడినా కలబందతో సహా ఏ మొక్కనూ తాకించకండి. అరటాకు సంగతి ఏమిటని అడిగేవాళ్లుంటారు. ముంబై ఆసుపత్రుల్లో కాలిన గాయాలకు అరటాకు కట్లు వాడి చూశారు, మంచి ఫలితాలే వచ్చాయి. కానీ అక్కడ వాడింది క్రిములు లేకుండా శుద్ధి చేసిన ఆకు. పెరట్లోంచి కోసుకొచ్చినది అలాంటిది కాదు.

గాయం ఆ మనిషి అరచెయ్యంత పెద్దదైనా, ముఖం మీదో కీలు మీదో ఉన్నా, తెల్లగా మారి నొప్పి తెలియకపోయినా, కాలింది పసిబిడ్డకైనా ఆసుపత్రికే వెళ్లాలి. నొప్పి లేదంటే లోతుగా కాలిందని అర్థం. ధనుర్వాతం టీకా సంగతి కూడా అక్కడే అడగాలి.

ఇక కుట్టిన సంగతి. తేనెటీగ ముల్లును చర్మంలోనే వదిలేస్తుంది. దాని వెంట ఉన్న విషం సంచి కొన్ని క్షణాల పాటు విషాన్ని లోపలికి తోస్తూనే ఉంటుంది. గోటితో గీకాలా, వేళ్లతో లాగాలా అని ఆలోచించకండి. ఎలా తీశామన్న దానికంటే ఎంత త్వరగా తీశామన్నదే లెక్క. తర్వాత సబ్బుతో కడిగి, తడిగుడ్డ పది నిమిషాలు వెయ్యండి. ఇక్కడ గుడ్డలో చుట్టిన ఐసు ఫరవాలేదు. కందిరీగకైతే ముల్లు వెతకొద్దు, అది వదలదు.

సున్నం పెట్టేవాళ్లు చెప్పే కారణం ఒకటుంది: విషం ఆమ్లం, సున్నం క్షారం, ఒకదాన్నొకటి విరిచేస్తాయని. కానీ విషం చర్మం లోపలికి పోయింది, సున్నం పైనే ఉంటుంది. నొప్పి పుట్టించేది కూడా ముఖ్యంగా విషంలోని ప్రొటీన్లు. సున్నం మాత్రం ఘాటైన క్షారం, పలుచటి చర్మాన్ని, ముఖ్యంగా పిల్లల చర్మాన్ని కాల్చేస్తుంది. నూరిన వెల్లుల్లి కట్టినా అంతే, గంటల్లో బొబ్బలెక్కుతాయి. జిల్లేడు పాలు అన్నిటికన్నా ప్రమాదం. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే చూపుకే ముప్పు. నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్తే అక్కడ నల్లటి మచ్చలు, బొబ్బలు వస్తాయి.

తులసి ఆకులు కడిగి నలిపి రాయడం, కోసిన ఉల్లిపాయ ముక్క ఆనించడం హానిలేని పనులు, గోకి పుండు చెయ్యనంత వరకు. వాటి వల్ల విషం విరగదు, కాస్త చల్లగా ఉంటుందంతే. ఇక్కడా తడిగుడ్డదే పైచెయ్యి, దురద మిగిలితే కలబంద గుజ్జు.

మునగచెట్టు కింద ఒంటి మీద పడే గొంగళి పురుగుకు పద్ధతి వేరు. దాని నూగు చర్మంలో గుచ్చుకుంటుంది. తులసైనా బూడిదైనా రుద్దితే ఆ నూగు ఇంకా లోపలికి దిగుతుంది. ప్లాస్టర్ లేదా సెల్లోటేపు అంటించి పీకి, మళ్లీ కొత్త ముక్క అంటించి పీకితే నూగు దానికి వచ్చేస్తుంది. ఆ తర్వాతే కడగాలి.

ఏది కుట్టినా పెదవులు, నాలుక వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి అందకపోయినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. అప్పుడు కావలసింది అడ్రినలిన్ ఇంజెక్షన్. తేలు కుడితే ఆకుపసరు కోసం ఒక్క నిమిషమూ పోగొట్టొద్దు. ఎర్రతేలు కుట్టినప్పుడు చెమటలు పట్టి, వాంతులై, చేతులూ కాళ్లూ చల్లబడుతుంటే విషం గుండె దాకా వెళ్లిందని గుర్తు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రజోసిన్ మాత్రతో ఇలాంటివాళ్లను కాపాడవచ్చని చూపించారు. దాన్ని ఆసుపత్రిలో రక్తపోటు చూస్తూ ఇవ్వాలి. కుట్టిన కాలికి తాడు బిగించకుండా, కోత పెట్టకుండా, కదలకుండా చూసి తీసుకెళ్లండి.