ఒక ల్యాప్‌టాప్, మూడు పోస్టులు: ఏది మేలు?

దసరా ఆఫర్‌కి మా షాపులో ఒకే మోడల్ పెట్టాం. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, ఆర్టీఎక్స్ 3050 గ్రాఫిక్స్, 144 హెర్ట్జ్ స్క్రీన్, బరువు 2.3 కిలోలు, జీఎస్టీతో కలిపి 59,000. వాట్సాప్‌లో పెట్టడానికి మూడు పోస్టులు రాశాను. ధర, వారంటీ, ఆఖరు తేదీ మూడింట్లోనూ అక్షరం మారకూడదు. ఎందుకంటే ఒక గ్రూపు పోస్టు ఇంకో గ్రూపుకి చేరడానికి అరగంట పట్టదు.

విద్యార్థులకి: “ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ నడుస్తాయి. నాలుగేళ్ల బీటెక్‌కి ఒకటే ల్యాప్‌టాప్. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ, నెలకి 4,917.” ఇది చదివేది పిల్లాడు, డబ్బు కట్టేది నాన్న. అందుకే ఈఎంఐ మాట పైకి తెచ్చాను. కానీ ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ బ్యాంకు వేస్తుందని కిందే రాశాను. లేకపోతే మొదటి స్టేట్‌మెంట్ రాగానే ఆ నాన్న షాపుకి వస్తాడు.

గేమర్లకి రాసింది అన్నిటికంటే కష్టం. “సూపర్ గేమింగ్ పవర్” అంటే వాళ్లు నవ్వుతారు. వాళ్లు అడిగేది ఒకటే: “అన్నా, ఎన్ని వాట్లు?” ల్యాప్‌టాప్‌ల్లో 3050 అదే పేరుతో 35 వాట్ల నుంచి 80 వాట్ల దాకా వస్తుంది, వాట్లు తగ్గితే గేమ్‌లో ఫ్రేములూ తగ్గుతాయి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి చూసి, ఇలా రాశాను: “3050, 75 వాట్లు. ర్యామ్ 8+8, డ్యూయల్ ఛానెల్. 144 హెర్ట్జ్.” విశేషణం ఒక్కటీ లేదు. 16 జీబీ ఒకే స్టిక్‌గా ఉండుంటే అదీ చెప్పాల్సిందే, గేముల్లో ఆ తేడా కనబడుతుంది.

ఆఫీసు వాళ్ల పోస్టు దగ్గర ఆగిపోయాను. “మీటింగులకీ ఎక్సెల్‌కీ వేగంగా” అని రాస్తే అబద్ధం కాదు. కానీ ఛార్జర్‌తో కలిపి మూడు కిలోల దాకా రోజూ మెట్రోలో మోసేవాడికి అది మేలైన సరుకు కాదు. పైగా ఇందులో ఉన్నది విండోస్ హోమ్. కంపెనీ డొమైన్‌లో చేరాలంటే ప్రో కావాలి.

ఆ పోస్టు తీసేసి, సొంత ఆఫీసు నడిపేవాళ్లకి తిరగరాశాను: “మీ జీఎస్టీ నంబరుతో బిల్లు. 59,000లో 9,000 పన్ను, అర్హులైతే ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. టేబుల్ మీద ఉంచి వాడే డిజైన్, వీడియో ఎడిటింగ్ పనికి.” జీతగాడికి ఈ లెక్క వర్తించదు కాబట్టి అతనికి పంపలేదు.

నన్నడిగితే ఈ మోడల్‌కి గేమర్ల పోస్టే మేలు, తర్వాతే విద్యార్థులది. ఉద్యోగుల కోసం కిలోన్నర బరువుండే మోడల్ ఆఫర్‌కి వచ్చినప్పుడు వేరే పోస్టు రాస్తాను.